స్టాప్‌లాస్‌కి చోటు వెతికే లెక్క

వారపత్రికైనా దినపత్రికైనా బిజినెస్ పేజీ తిరగేస్తే ఒక వాక్యం తప్పకుండా ఎదురవుతుంది. నిఫ్టీకి ఫలానా చోట మద్దతు ఉంది, ఫలానా చోట నిరోధం ఎదురుకావచ్చు అని. ఒక విశ్లేషకుడు 22,000 అంటాడు, ఇంకొకాయన 21,800 అంటాడు. ఇద్దరి ముందున్నదీ ఒకే చార్టు. కంటితో గీత గీస్తే ఇంతే మరి. షేరు చేతిలో ఉన్నవాడికి మద్దతు కాస్త కింద కనిపిస్తుంది, ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నవాడికి అది అప్పుడే తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఆ గీతను మనిషి కాకుండా ఒక చిన్న ప్రోగ్రాం గీస్తే ఏమవుతుంది? కనీసం, నిన్న గీసినట్టే ఈ రోజూ గీస్తుంది. తప్పు గీసినా ఆ తప్పును కొలవడానికి వీలుంటుంది.

ఈ పనిలో అసలు ఫలం గీత కాదు, స్టాప్‌లాస్. కొన్న ధర నుంచి రెండు శాతం కింద, అయిదు శాతం కింద అని స్టాప్‌లాస్ పెట్టడం చాలామందికి అలవాటు. ఆ రెండు శాతం కొన్నవాడి జేబుకు సంబంధించిన అంకె, మార్కెట్‌కు దానితో పనిలేదు. దీనికి బదులుగా ఈమధ్య కొనుగోలుదార్లు ఎక్కడ నిలబడి ధరను పైకి తిప్పారో ఆ అడుగును చూసి, అది తెగితే మనం కొన్న కారణమే పోయినట్టు భావించి, దానికి కాస్త కింద అమ్మకం ఆర్డరు ఉంచడం రెండో పద్ధతి. చార్టు నిర్మాణాన్ని బట్టి పెట్టేది కాబట్టి దీన్ని స్ట్రక్చరల్ స్టాప్ అంటారు. చెప్పడానికి సులువే. కంప్యూటర్‌కు అప్పగించేటప్పుడు మాత్రం ఆ 'అడుగు' ఏదో, 'ఈమధ్య' అంటే ఎప్పుడో, 'కాస్త' అంటే ఎంతో అంకెల్లో చెప్పాలి. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో నిఫ్టీ నడిచిన తీరులో ఈ మూడింటికీ పరీక్ష జరిగింది.

ముందు మద్దతు అనేది నిజంగా ఉంటుందా అన్న సందేహం తీర్చుకోవాలి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఆర్థికవేత్తగా ఉన్న కెరోల్ ఓస్లర్ 2000లో దీన్ని పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. విదేశీ మారక మార్కెట్‌లో ఆరు సంస్థలు తమ ఖాతాదార్లకు రోజూ పంపే మద్దతు, నిరోధ స్థాయిలను ఆమె తీసుకున్నారు. వాటి పక్కన ఇష్టమొచ్చినట్టు ఎంచిన స్థాయిలను పెట్టి, ధర ఎక్కడ ఎక్కువసార్లు ఆగి వెనక్కి తిరిగిందో లెక్కించారు. సంస్థలు ఇచ్చిన స్థాయిల దగ్గరే ఎక్కువసార్లు ఆగింది. అయితే ఆ బలం సంస్థను బట్టి, కరెన్సీని బట్టి మారింది. ప్రతి గీతా గీత కాదన్నమాట.

2003లో ఆమె మరో అడుగు వేసి, ఒక పెద్ద బ్యాంకు దగ్గరున్న అసలు ఆర్డర్లనే పరిశీలించారు. లాభం తీసుకునే ఆర్డర్లు గుండ్రటి అంకెల మీదే గుమిగూడుతున్నాయని, అమ్మకపు స్టాప్‌లాస్‌లు ఆ అంకెలకు కాస్త కింద గుమిగూడుతున్నాయని తేలింది. ధర ఆ అంకె దాకా వచ్చి ఎందుకు తిరుగుతుందో, దాన్ని దాటగానే ఎందుకు వేగంగా జారుతుందో రెంటికీ ఇందులో జవాబుంది. 2025 మార్చి 4న నిఫ్టీ 22,000 కిందికి దిగి, 21,964.60 దాకా వెళ్లి, 22,082.65 వద్ద ముగిసింది. సరిగ్గా 22,000 కింద స్టాప్ పెట్టుకున్నవాళ్లు ఆ రోజు బయటపడి ఉంటారు. మార్కెట్ మాత్రం అక్కడి నుంచే పైకి లేచింది.

ఇప్పుడు ఆ మార్చి 4 కనిష్ఠాన్ని కంప్యూటర్‌తో పట్టించాలి. ట్రేడర్లు దీన్ని స్వింగ్ లో అంటారు. ధర కిందికి వచ్చి, మళ్లీ పైకి తిరిగిన చోటు. అందరికీ తెలిసిన నిర్వచనం ఇది: ఒక రోజు కనిష్ఠ ధర, దానికి ముందు కొన్ని రోజుల కనిష్ఠాలకన్నా, తర్వాత అన్నే రోజుల కనిష్ఠాలకన్నా తక్కువగా ఉంటే అది స్వింగ్ కనిష్ఠం. అటూ ఇటూ ఎన్ని రోజులు చూడాలన్నది మనం ఎంచుకునే అంకె. దాన్ని కె అనుకుందాం. బిల్ విలియమ్స్ ప్రచారంలోకి తెచ్చిన 'ఫ్రాక్టల్'లో కె విలువ రెండు. అంటే అయిదు క్యాండిళ్లలో నడిమిది అన్నిటికన్నా కింద ఉండాలి. వారాల తరబడి షేరు ఉంచుకునేవాళ్లు అయిదు తీసుకోవడం కద్దు. పైథాన్‌లో ఇది నాలుగైదు వరుసల పని:

```python
k = 5
low = df["Low"]
window_min = low.rolling(2*k + 1, center=True).min()
is_pivot = low == window_min
known = low.where(is_pivot).shift(k).ffill()
```

చివరి వరుసలోని `shift(k)` చూడటానికి చిన్నది. ఈ రంగంలో తయారయ్యే బ్యాక్‌టెస్ట్‌లు కుప్పకూలేది చాలావరకు అది మరిచిపోవడం వల్లే. మార్చి 4 స్వింగ్ కనిష్ఠమని మార్చి 4న ఎవరికీ తెలియదు. తర్వాతి అయిదు రోజులూ దానికన్నా పైనే గడిచాక, మార్చి 11 సాయంత్రం మార్కెట్ మూశాక మాత్రమే తెలుస్తుంది. ఆ రోజు నిఫ్టీ 22,497.90 వద్ద ముగిసింది. అంటే అడుగు నుంచి 530 పాయింట్లకు పైగా ఎగబాకాక గానీ అది అడుగని ప్రోగ్రాం ఒప్పుకోదు.

`shift(k)` తీసేస్తే ప్రోగ్రాంకు భవిష్యత్తు కనిపిస్తుంది. మార్చి 4 సాయంత్రమే 22,082 దగ్గర కొనేసినట్టు లెక్క రాసుకుంటుంది. ఒక్క లావాదేవీలో 415 పాయింట్లు ఉత్తపుణ్యానికి వస్తాయి. అలాంటివి ఏడాదికి కొన్ని కలిస్తే కాగితం మీద లాభాల రేఖ కొండెక్కినట్టు కనిపిస్తుంది. ఆ రేఖను చూపించి కోర్సులు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరూ మోసగాళ్లని కాదు, కొందరికి తమ కోడ్‌లో ఏం జరుగుతోందో నిజంగానే తెలియదు.

కె తగ్గిస్తే ఈ ఆలస్యం తగ్గుతుంది. రెండు పెట్టి ఉంటే మార్చి 6 సాయంత్రానికే మార్చి 4 అడుగు ఖాయమయ్యేది. దానికి బదులు చెల్లించాల్సిన మూల్యం, ప్రతి చిన్న కుదుపూ అడుగుగా కనిపించడం. ఇది ఎటు తిప్పినా తప్పని బేరం.

ఇక జోన్ల సంగతి. స్వింగ్ కనిష్ఠం ఒక్క అంకె. మద్దతు మాత్రం ఒక్క అంకె మీద నిలబడదు, కొంత మేర పరుచుకుని ఉంటుంది. ఒకరు 21,800 దగ్గర కొందామనుకుంటారు, ఇంకొకరు 21,750 వద్ద. వేర్వేరు నెలల్లో వచ్చిన స్వింగ్ కనిష్ఠాలు దగ్గరదగ్గరగా పడితే, వాటన్నిటినీ కలిపి ఒక పట్టీగా చూడటమే జోన్. నిరోధానికి ఇదే పనిని స్వింగ్ గరిష్ఠాలతో చేస్తారు. ఒకప్పుడు నిరోధంగా ఉన్న చోటు దాటాక మద్దతుగా మారడం మామూలే కనుక, కొందరు గరిష్ఠాలనూ కనిష్ఠాలనూ ఒకే గంపలో వేస్తారు. ఇక్కడ కనిష్ఠాలతోనే ముందుకు పోదాం.

ఎంత దగ్గరగా ఉంటే దగ్గర అనాలి? నిఫ్టీకి 100 పాయింట్లు చిన్న విషయం, 300 రూపాయల షేరుకు అది ప్రళయం. అందుకే కొలబద్దను ఆ షేరు రోజువారీ ఊగిసలాట నుంచే తీసుకోవాలి. వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో ప్రవేశపెట్టిన ఏటీఆర్ అనే సగటు దీనికి సరిపోతుంది. ఒక రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య దూరాన్ని, ముందు రోజు ముగింపు నుంచి వచ్చిన గ్యాప్‌ను కూడా కలుపుకుని కొలిచి, సాధారణంగా 14 రోజులకు సగటు తీస్తారు. మన ఉదాహరణలో నిఫ్టీ ఏటీఆర్ 240 పాయింట్లు అనుకుందాం. జోన్ వెడల్పు ఒక ఏటీఆర్‌కు మించకూడదని నియమం పెడదాం.

```python
def zones(prices, width):
    out = []
    for p in sorted(prices):
        if out and p - out[-1][0] <= width:
            out[-1].append(p)
        else:
            out.append([p])
    return [z for z in out if len(z) >= 2]
```

ధరలను కింది నుంచి పైకి పేర్చి, ప్రతి గుంపునూ దాని మొట్టమొదటి ధరతో పోల్చడం ఇందులో కీలకం. పక్కనున్న ధరతో పోలిస్తే గుంపు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని సాగిపోతూ, చివరికి 800 పాయింట్ల వెడల్పున్న 'మద్దతు' తయారవుతుంది. అంత పెద్ద జోన్‌లో ధర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది ఎందుకూ పనికిరాదు.

2024 ఫిబ్రవరి 15 నుంచి 2025 మార్చి 11 దాకా నిఫ్టీ రోజువారీ డేటా మీద, కె అయిదుగా పెట్టి దీన్ని నడిపితే 21,700కూ 22,000కూ మధ్య ఒక ఆసక్తికరమైన గుంపు తేలుతుంది. 2024 ఫిబ్రవరి 29న 21,861, మార్చి 20న 21,710, ఏప్రిల్ 19న 21,778, మే 13న 21,821. రెండున్నర నెలల్లో నాలుగుసార్లు మార్కెట్ అదే 150 పాయింట్ల పట్టీలోకి దిగి, పైకి లేచింది. అయిదోదైన 2025 మార్చి 4 నాటి 21,965 ఆ పట్టీకి దగ్గరే. అయినా 21,710 నుంచి దాని దూరం 254 పాయింట్లు. మన హద్దు 240. పద్నాలుగు పాయింట్ల తేడాతో అది జోన్ బయట ఒంటరిగా మిగిలిపోయింది.

నాలుగుసార్లు తాకింది కనుక బలమైన మద్దతని తీర్పు చెప్పేముందు 2024 జూన్ 4ను కూడా చూడాలి. లోక్‌సభతో పాటు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫలితాలూ వెలువడిన రోజు. నిఫ్టీ ఆ జోన్‌ను చీల్చుకుని 21,281 దాకా పడి, 21,884.50 వద్ద, అంటే జోన్‌కు పైన ముగిసింది. తాకిన సంఖ్యను మాత్రమే లెక్కపెట్టే ప్రోగ్రాంకు ఈ రోజు కనిపించదు, ఎందుకంటే ఆ రోజు కనిష్ఠం వేరే గుంపులో పడింది. జోన్‌కు మార్కులు వేసేటప్పుడు ఎన్నిసార్లు నిలబడిందో దానితోపాటు ఎన్నిసార్లు తెగిందో కూడా లెక్కపెట్టాలి. చాలా ప్రోగ్రాములు రెండో లెక్కను పట్టించుకోవు.

సరే, 2025 మార్చి 11 దాకా వచ్చాం. స్వింగ్ కనిష్ఠం ఖాయమైంది. 22,500 దగ్గర కొందామనుకున్న ముగ్గురిని ఊహించుకుందాం. నిఫ్టీని నేరుగా కొనలేం కాబట్టి, దాంతోపాటే కదిలే ఇండెక్స్ ఈటీఎఫ్ కొన్నారనుకుందాం. ఒక్కొక్కరి దగ్గర 5 లక్షలున్నాయి. ఈ ఒక్క లావాదేవీలో ఒక శాతం, అంటే 5,000 రూపాయలకు మించి పోగొట్టుకోకూడదన్నది ముగ్గురి నియమం.

మొదటి వ్యక్తి చివరి స్వింగ్ కనిష్ఠాన్నే నమ్ముకున్నాడు. సరిగ్గా 21,965 దగ్గర స్టాప్ పెడితే అందరి స్టాప్‌లూ ఉన్నచోటే తనదీ ఉంటుంది. అందుకని ఏటీఆర్‌లో నాలుగో వంతు, 60 పాయింట్లు కిందికి జరిగి 21,905 దగ్గర పెట్టాడు. కొన్న ధర నుంచి అది 595 పాయింట్లు, సుమారు 2.64 శాతం దూరం. 5,000 రూపాయలను ఆ శాతంతో భాగిస్తే దాదాపు 1.89 లక్షలు. అంతకే కొన్నాడు. ఎంత కొనాలన్నది స్టాప్ దూరమే నిర్ణయిస్తుందన్నమాట. ఎంత కొనాలో ముందే అనుకుని, దానికి తగ్గట్టు స్టాప్‌ను పైకి జరుపుకోవడం దీన్ని తలకిందులు చేయడమే. పాపం, అలా చేసేవాళ్లే ఎక్కువ.

రెండో వ్యక్తి కొన్నది అదే ధరకు, పెట్టిన స్టాప్ కూడా అదే. అతని ప్రోగ్రాంలో మాత్రం కె విలువ రెండు. పైగా కొత్త స్వింగ్ కనిష్ఠం ఖాయమైనప్పుడల్లా స్టాప్‌ను దాని కిందికి ఎక్కిస్తూ పోతాడు. మొదటి వ్యక్తి కూడా ఎక్కించేవాడే, కాకపోతే అయిదు రోజుల నిర్ధారణ కావాలి.

మూడో వ్యక్తి చివరి కనిష్ఠం కింద ఏముందని చూశాడు. 21,905 కిందనే, 21,861 నుంచి 21,710 దాకా, నాలుగుసార్లు కొనుగోలుదార్లు వచ్చిన జోన్ ఉంది. కొనేవాళ్లు నిలబడే చోటుకు సరిగ్గా ముందే అమ్ముకుని బయటపడటం అతనికి అర్థం లేని పనిగా తోచింది. జోన్ అడుగుకు 60 పాయింట్ల కింద, 21,650 వద్ద స్టాప్ పెట్టాడు. దూరం 850 పాయింట్లు, దాదాపు 3.78 శాతం. అదే 5,000 హద్దుకు అతను కొనగలిగింది 1.32 లక్షల మేరకే.

నిఫ్టీ మార్చి 25 నాటికి 23,870 దగ్గరకు చేరింది. ముగ్గురూ సంతోషంగానే ఉన్నారు. ఇంత పెరుగుదలలోనూ మొదటి వ్యక్తి ప్రోగ్రాంకు కొత్త స్వింగ్ కనిష్ఠం ఒక్కటీ దొరకలేదు. వరుసగా పెరిగే మార్కెట్‌లో అటూ ఇటూ అయిదేసి రోజులకన్నా కింద ఉండే రోజు రాదు. అతని స్టాప్ 21,905 దగ్గరే ఉండిపోయింది, వచ్చిన లాభానికి కాపలా లేకుండా.

తర్వాత మార్కెట్ వెనక్కి తగ్గింది. ఏప్రిల్ 1న కనిష్ఠం 23,136. రెండో తేదీన 23,158, మూడో తేదీన 23,146. తొమ్మిది పాయింట్ల తేడాతోనైనా సరే, ఏప్రిల్ 1కి అటూ ఇటూ రెండేసి రోజులు పైనే ఉన్నాయి. కె రెండుగా ఉన్న ప్రోగ్రాం మూడో తేదీ సాయంత్రం దాన్ని స్వింగ్ కనిష్ఠంగా రాసుకుని, స్టాప్‌ను 23,076కు ఎక్కించింది. మర్నాడు ఏప్రిల్ 4న నిఫ్టీ 23,190 వద్ద మొదలై 22,904కు జారింది. రెండో వ్యక్తి దారిలో 23,076 దగ్గర బయటపడ్డాడు. 576 పాయింట్ల లాభం, సుమారు 4,840 రూపాయలు.

అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఏప్రిల్ 2న ప్రకటించిన సుంకాల దెబ్బ ప్రపంచ మార్కెట్లన్నిటి మీదా పడింది. ఏప్రిల్ 7 సోమవారం నిఫ్టీ ముందు ముగింపుకన్నా 1,100 పాయింట్లకు పైగా కింద, 21,758.40 వద్ద తెరుచుకుంది. 21,905 అన్న ధర ఆ పొద్దున మొదట్లో లేనే లేదు. మొదటి వ్యక్తి స్టాప్ మార్కెట్ ఆర్డరు అయితే తెరవగానే 21,758 దగ్గర అమ్ముడైంది. 5,000 అనుకున్న నష్టం 6,230 రూపాయలయింది. స్టాప్ దూరాన్ని ఎంత జాగ్రత్తగా లెక్కేసినా గ్యాప్ దాన్ని గౌరవించదు.

ఆ రోజు కనిష్ఠం 21,743.65. ఏడాది కిందటి నాలుగు కనిష్ఠాల పట్టీ లోపలే. అక్కడి నుంచి తిరిగి 22,161.60 వద్ద ముగిసింది. మూడో వ్యక్తి స్టాప్ 21,650కి ఇంకా 93 పాయింట్ల ఎడం మిగిలింది. ఏప్రిల్ 17న నిఫ్టీ 23,851.65 వద్ద ముగిసేసరికి, చిన్న మొత్తమే పెట్టినా, అతనికి సుమారు 7,900 రూపాయల లాభం కనిపిస్తోంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. జూన్ 4నా, ఏప్రిల్ 7నా ఒకటే జరిగింది. పగలు స్వింగ్ కనిష్ఠం తెగింది, సాయంత్రం దానికి పైన ముగిసింది. 2024 మే 13 నాటి 21,821కన్నా జూన్ 4 ముగింపు ఎక్కువ. 2025 మార్చి 4 నాటి 21,965కన్నా ఏప్రిల్ 7 ముగింపు ఎక్కువ. మరి మధ్యలో తెగినా పట్టించుకోకుండా, ముగింపు ధర కిందికి వచ్చినప్పుడే అమ్మితే సరిపోదా? ఈ పద్ధతిని పాటించేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇండెక్స్ విషయంలో వాళ్ల వాదనలో బలం ఉంది. విడి షేర్లకు దీన్ని అంటగట్టడం మాత్రం ప్రమాదం. 2009 జనవరి 7న హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ మార్కెట్ నడుస్తుండగానే బయటికొచ్చింది. ముందు రోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరకు చేరింది. డెరివేటివ్స్ ఉన్న షేరు కావడంతో అయిదు శాతం, పది శాతం దగ్గర ఆపే సర్క్యూట్ పరిమితి కూడా లేదు. ముగింపు దాకా ఆగినవాడికి ఆ రోజు మిగిలింది నాలుగో వంతు కూడా కాదు.

ఆర్డరు రకం కూడా ఇక్కడే తేడా తెస్తుంది. ఎన్‌ఎస్‌ఈలో స్టాప్‌లాస్ ఆర్డరుకు ట్రిగ్గర్ ధర ఒకటి ఇస్తాం, ధర దాన్ని తాకితే ఆర్డరు మేలుకుంటుంది. అది ఎస్ఎల్-ఎం అయితే ఎంతకు దొరికితే అంతకు అమ్మేస్తుంది. ఎస్ఎల్ అయితే మనం చెప్పిన కనీస ధరకు తక్కువకు అమ్మదు. ఏప్రిల్ 7న మొదటి వ్యక్తి 21,890 కనీస ధరతో ఎస్ఎల్ పెట్టి ఉంటే, పొద్దున అమ్ముడుపోకుండా వేలాడి, మార్కెట్ కోలుకుని 22,254 దాకా వెళ్లే దారిలో 21,890కే అమ్ముడయ్యేది. అదృష్టం. సత్యం విషయంలో అదే ఆర్డరు అలాగే వేలాడి, షేరు చేతిలోనే ఉండిపోయేది. మనం తీసుకున్న లెక్కల్లాంటి వాటికి కొంత ఎక్కువ నష్టమైనా ఎస్ఎల్-ఎం మేలనిపిస్తుంది. ఎంత పోతుందో తెలియకపోవడం కన్నా, అసలు బయటపడతామో లేదో తెలియకపోవడం పెద్ద సమస్య. మార్కెట్‌లో పెట్టే ఈ ఆర్డర్లు ఆ రోజుకే చెల్లుతాయి. మర్నాడు మళ్లీ పెట్టాలి, లేదా బ్రోకరు ఇచ్చే జీటీటీ సౌకర్యం వాడుకోవాలి.

ప్రోగ్రాం నిజాయతీగా పనిచేస్తోందా అని పరీక్షించడానికి ఒక మొరటు పద్ధతి ఉంది, అదే అన్నిటికన్నా నమ్మకమైనది. డేటాను ఒక తేదీ దగ్గర కత్తిరించి, ఆ తర్వాతి రోజులు అసలు లేనట్టే ప్రోగ్రాంకు ఇవ్వాలి. అది చెప్పిన చివరి స్వింగ్ కనిష్ఠాన్ని రాసుకోవాలి. తేదీని ఒక రోజు ముందుకు జరిపి మళ్లీ అదే చేయాలి. ఇలా వచ్చిన జాబితా, మొత్తం డేటాను ఒకేసారి ఇచ్చినప్పుడు వచ్చిన `known` వరుసతో ఒక్క రోజు కూడా తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఎక్కడో భవిష్యత్తు లోపలికి కారుతోంది. విడి షేర్లకైతే బోనస్, స్ప్లిట్‌లకు సర్దుబాటు చేసిన ధరలే వాడాలి. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన షేరు ధర మర్నాడు సగానికి దిగుతుంది. సర్దుబాటు చేయని డేటాలో ప్రోగ్రాంకు అది మహా పతనంగా కనిపించి, స్టాప్ తగిలినట్టు రాసుకుంటుంది.

జోన్లకు పరీక్ష ఓస్లర్ చేసినలాంటిదే. అసలు జోన్లంత వెడల్పుతో, అదే ధరల పరిధిలో, కంప్యూటర్‌తో గుడ్డిగా కొన్ని వందల జోన్లు వేయించాలి. ధర జోన్‌లోకి వచ్చాక ఒక ఏటీఆర్ మేర పైకి తిరిగిందా, కిందికి చీల్చుకు పోయిందా అని రెండు రకాలకూ లెక్కపెట్టాలి. గుడ్డి జోన్లు కూడా అంతే తరచుగా ధరను తిప్పుతుంటే మన ప్రోగ్రాం అందమైన రంగు పట్టీలు వేస్తోందే తప్ప మరేమీ చేయడం లేదు.

చివరగా, మూడో వ్యక్తి గెలుపును కూడా ఇదే కంటితో చూడాలి. జోన్ వెడల్పు 240 బదులు 260 పెట్టి ఉంటే మార్చి 4 కనిష్ఠం కూడా జోన్‌లో చేరేది, అడుగు మాత్రం 21,710గానే ఉండేది కాబట్టి స్టాప్ మారేది కాదు. అదే 100 పెట్టి ఉంటే నాలుగు కనిష్ఠాలూ రెండుగా చీలి, 21,821 నుంచి 21,861 దాకా ఒక జోన్, 21,710 నుంచి 21,778 దాకా మరొకటి ఏర్పడేవి. చివరి కనిష్ఠానికి దగ్గరగా కింద ఉన్నది పై జోన్ కనుక, స్టాప్ 21,821కి 60 పాయింట్ల దిగువన, 21,761 దగ్గర పడేది. ఏప్రిల్ 7న నిఫ్టీ తెరుచుకున్నది 21,758.40 వద్ద. రెండున్నర పాయింట్లతో అతనూ బయటికి పోయేవాడు. డేటాను 2024 ఫిబ్రవరి 15 నుంచి కాకుండా మరో రోజు నుంచి మొదలుపెట్టినా, కింది నుంచి పైకి పేర్చే ఈ పద్ధతిలో గుంపుల హద్దులు జరగవచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒకే వెడల్పుతో సరిపెట్టరు. అర ఏటీఆర్ నుంచి ఒకటిన్నర దాకా నాలుగైదు వెడల్పులతో నడిపి, వాటిలో ఎక్కువ సార్లు కనిపించిన అడుగునే తీసుకుంటారు. ఆ వెడల్పులనూ, కె విలువనూ ఒక కాలపు డేటా మీద ఎంచుకుని, ముట్టుకోకుండా దాచిపెట్టిన మరో కాలపు డేటా మీద ఒక్కసారి మాత్రమే నడిపి చూస్తారు.